జోడీ పనిలో ఖాళీ కన్ను

మా ముత్తాత సిరిసిల్ల దిక్కు నుంచి భుజం మీద మగ్గం పలకతో సోలాపూర్ వచ్చాడు. మా తాత కాలానికి జోడ్‌భావి పేట్‌లో మా ఇంటి వెనక మగ్గాల శాల ఉండేది, ముందు నల్లరాతి అరుగు ఉండేది. కులంలో పంచాయితీ వస్తే మా అరుగు మీదనే కూర్చునేవారు. మార్కండేయ రథం మా వీధిలోకి వచ్చినప్పుడు మా తాత కొబ్బరికాయ కొట్టేదాకా ముందుకు కదిలేది కాదు. ఆయన్ని ఊరంతా సావుకార్ అనేది. మా నాన్న కాలంలో మగ్గాలు పోయాయి, శాల పోయింది, వెనక ఇల్లు పోయింది. సావుకార్ అనే పేరు మాత్రం నా దాకా వచ్చింది. కారఖానాలో నన్ను అదే పేరుతో పిలిచేవారు. కొందరు మర్యాదకు, ఎక్కువమంది వెక్కిరింపుకు.

ఇది గొప్పకు చెప్పడం లేదు. తరవాత జరిగిన సంగతికి దీనితో పని ఉంది.

నేను అక్కల్‌కోట్ రోడ్డు వైపు ఒక టవల్ కారఖానాలో భరణి పని చేసి రిటైర్ అయ్యాను. ఈ పనిలోకి ఇప్పుడు కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, కాకా, ఏం నేర్చుకోవాలి అని అడుగుతారు. చేతిపని ఆరు నెలల్లో వస్తుంది. దానికి నేను అక్కర్లేదు. చేతిపని కానిది రాస్తున్నాను.

భరణి అంటే ఏమిటి

మగ్గానికి డిజైన్ మారినప్పుడు పాత పడుగుకు కొత్త పడుగు ముడివేస్తే సరిపోదు. గంజి పెట్టిన నూలు చుట్టిన బీమ్‌ను ఒక ఇనుప స్టాండు మీదికి ఎక్కిస్తారు. దాని ముందు రాచ్‌లు వేలాడుతుంటాయి. రాచ్ అంటే సన్నని తీగల చట్రం. ప్రతి తీగ నడుమ ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని కన్ను అంటాం. బీమ్‌లోని ప్రతి పోగూ ఒక కంట్లోంచి దూరాలి. ఒక్కో కంటికి ఒక్కటే పోగు.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు బీమ్ వైపు కూర్చుని పోగులు ఒక్కొక్కటి విడదీసి అందిస్తాడు. ఇంకొకడు ఇవతల కూర్చుని కంట్లోంచి కొక్కెం దూర్చి, అందిన పోగును ఇవతలికి లాగుతాడు. మధ్యలో నూలు తెర. మూరెడు దూరంలో కూర్చుంటారు గానీ ఒకరి ముఖం ఒకరికి కనబడదు. కనబడేవి వేళ్లే. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఆ వేళ్లే.

ఈ ఇద్దరిని జోడీ అంటారు. కూలి జోడీకి కడతారు, మనిషికి కాదు. తప్పు వస్తే జోడీ పేరు మీద వస్తుంది. జోడీ విడిపోతే ఒంటి మనిషిని ఎవరూ పెట్టుకోరు. అవతలి చేతి వేగం ఇవతలి చేతికి అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది, అందుకని.

నా జోడీ అంబాదాస్. పోగు అందించేది అతను, కొక్కెం నాది.

వేళ్లతో మాట్లాడేవాళ్లం

పక్క గదిలో మగ్గాలు నడుస్తుంటే మా గదిలో మాట వినబడదు. అంబాదాస్ ఒక పద్ధతి పెట్టాడు. గోరుతో ఇనుప చట్రం మీద ఒకసారి కొడితే ఆగు. రెండుసార్లు కొడితే తప్పు పడ్డది. మెల్లగా మూడుసార్లు కొడితే, చాయ్‌కి పోదామా.

అలా ఏళ్ల తరబడి చేశాం. అతని అన్నం డబ్బాలో నా చెయ్యి, నా డబ్బాలో అతని చెయ్యి. మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు గదిలో ఉన్నట్టుండి నిశ్శబ్దం పడేది. అప్పుడు నూలు తెర అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ముఖం కనబడకపోతే మనిషి చెప్పకూడనివి కూడా చెబుతాడు. మా మగ్గాలు పోయాక మా అమ్మ తలుపు గడియ పెట్టుకుని బీడీలు చేసిన సంగతి నేను అతనికి అలాగే చెప్పాను. సావుకార్ ఇంటి కోడలు బీడీలు చేస్తోందని వీధికి తెలియకూడదని ఆమె పట్టుదల. ఆకులు నేను కోసి ఇచ్చేవాణ్ని. ఇది మా బంధువులకు కూడా తెలియదు.

కొత్తవాళ్లకు మొదటి మాట ఇది. పనిలో స్నేహం మంచిదే. కానీ జోడీ పనిలో స్నేహం వేరే స్నేహం లాంటిది కాదు. అది చెడితే ఇంటికి పోయి తలుపు వేసుకోవడానికి ఉండదు. మర్నాడు పొద్దున మళ్లీ ఆ వేళ్ల ముందే కూర్చోవాలి.

ఒక్క మాట

చెడిన రోజు సంగతి. చాయ్ షెడ్డులో అందరం కూర్చున్నాం. మగ్గాల మీద కొత్తగా చేరిన ఒకడు నన్ను చూసి, "సావుకార్ మనతోని ఒక్క బెంచి మీద కూసుంటడా, పట్టు పరుపు తేవాలెనా" అన్నాడు. అందరూ నవ్వారు. అంబాదాస్ నన్ను కాపాడదామనే అనుకున్నాడు.

"ఏ, ఊకోర్రి" అన్నాడు. "ఆయన మన లెక్కనే. ఆయన తల్లి గూడ తలుపేసుకొని బీడీలు చేసి పెంచింది. ఆకు ఈయననే కోసిచ్చిండు. సావుకార్ గీవుకార్ ఏం లేదు, మనోడే."

అతనికి అది పొగడ్త. అతని తల్లి బీడీలు చేసింది, భార్య చేస్తోంది. ఆ పనిలో అతనికి సిగ్గు లేదు. నాకు మాత్రం మా అమ్మ గడియ పెట్టిన తలుపును నలుగురిలో తీసినట్టయింది.

నేను లేచి నిలబడ్డాను. "మీ తాత మా ఇంట్ల కాండీలు చుట్టినోడు" అన్నాను. కాండీ అంటే నాడెలో పెట్టే నూలు కండె. మగ్గం దొరకని కూలివాడు చేసే పని. "మా ఇంటి తలుపుల ముచ్చట నీకెందుకు?"

ఎవరూ నవ్వలేదు. అంబాదాస్ చాయ్ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చుట్టిండు" అన్నాడు. "అన్నం గూడ మీ అరుగు కిందనే తిన్నడు, పైన కాదు. మంచిది సావుకార్. ఇగ మీరు మీరే, మేం మేమే."

అంతకు ముందు అతను నన్ను ఎన్నడూ మీరు అనలేదు.

ఎవరిది తప్పు అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నమ్మి చెప్పినదాన్ని నలుగురిలో పెట్టడం తప్పే అని ఇప్పటికీ అంటాను. నా మాట సంగతి నాకు తెలుసు. తూకం వేసే పని మాత్రం పెట్టుకోను. వేసినా జోడీకి లాభం లేదు.

మాట లేకుండా పని ఎలా నడుస్తుంది

నడుస్తుంది. అదే భయంకరం. మర్నాడు కూర్చున్నాం. వేళ్లు వచ్చాయి, పోగు అందింది, లాగాను. మాటలేవీ లేకుండానే సాయంత్రానికి బీమ్ సగం అయింది.

తరవాత మెల్లమెల్లగా ఒక్కొక్కటి బయటపడ్డాయి. అతను ఎదురుపడకూడదని నేను పొద్దున్నే ముందుగా రావడం మొదలుపెట్టాను. అదే ఉద్దేశంతో అతనూ ముందుగా రావడం మొదలుపెట్టాడు. చివరికి వాచ్‌మన్ తాళం తీయకముందే ఇద్దరం గేటు ముందు నిలబడి చెరో వైపు చూసేవాళ్లం. వాచ్‌మన్ మాకు పని మీద ఎంత శ్రద్ధ అనుకున్నాడు.

చెప్పక తప్పని మాటలు రుక్మవ్వ ద్వారా పోయేవి. ఆమె పక్కన కాండీలు చుట్టే ముసలమ్మ. కొక్కెం అరిగింది, మార్చేదాకా ఆగమని చెప్పు అంటాను నేను. అంబాదాస్ మూరెడు దూరంలో నూలు వెనక వింటూనే ఉంటాడు. రుక్మవ్వ లేచి వచ్చి తెర ఆ పక్కకు వంగి, "కొక్కెం అరిగిందట, ఆగాలెనట" అని గట్టిగా చెప్పేది.

"విన్నమని చెప్పు" అనేవాడు అతను.

"నా నోరు కిరాయికి పెట్టుకుంటే కిరాయన్న ఇయ్యిండ్రి" అనేది ఆమె. "ఇద్దరు మొగోళ్లు. మొగడూ పెండ్లాలు గూడ ఇట్ల అలగరు."

కారఖానా రెండు పక్షాలయింది. చాయ్ షెడ్డులో నేను ఏ బెంచి మీద కూర్చుంటే నాతో కూర్చునేవాళ్లు ఎవరో తేలిపోయింది. నాకు అంబాదాస్ మీద కోపం లేని రోజు కూడా నా పక్షం వాళ్లకు కోపం ఉండేది. వాళ్ల కోసం నేను కోపంగా ఉండాల్సి వచ్చేది. కొత్తవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తగాదా మీది రెండు రోజులే. తరవాత అది నలుగురిదీ అవుతుంది, వాళ్లు దాన్ని మీకు వాపసు ఇవ్వరు.

నేను పని చూసే మాస్తర్ దగ్గరికి పోయి జోడీ మార్చమని అడిగాను. కాశీనాథ్ మాస్తర్ ఒంటి మీద దారం పోగు కూడా నిలవనివ్వని మనిషి. "ఒక్క జోడీ విడగొడితే రెండు జోడీలు చెడ్తయి" అన్నాడు. "మీ భాండణాలు గేటు అవతల పెట్టుకోర్రి. నాకు బీమ్ కావాలె. బీమ్‌ల తప్పొస్తే చెప్తున్న, ఇద్దర్ని తీసేస్త. భరణి మెషిన్లు వస్తున్నయి, మీరు లేకుంటే నా ఇల్లు మునగదు."

అది ఉత్త బెదిరింపు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ వయసులో ఆ పని పోతే ఇంకో కారఖానాలో మా ఇద్దరికీ చోటు లేదు.

ఖాళీ కన్ను

కొన్ని నెలలకు అది మొదలైంది.

భరణిలో లెక్క సూటిగా ఉంటుంది. బీమ్‌లో ఎన్ని పోగులుంటాయో రాచ్‌లో అన్ని కళ్లు పెడతారు. చివరి పోగు చివరి కంట్లోకి పోతే పని అయినట్టు. ఆ రోజు చివరి పోగు అయిపోయింది, ఒక కన్ను మిగిలింది. ఖాళీగా.

అలా మిగిలిందంటే ఎక్కడో ఒక కంట్లోకి రెండు పోగులు పోయాయని అర్థం. గంజికి అతుక్కున్న రెండు పోగులను విడదీయకుండా అందిస్తే అలా జరుగుతుంది. అది పట్టుకోకుండా నేస్తే టవల్ పొడవునా ఒక లావు గీత పడుతుంది. ఇద్దరం మొదటి నుంచీ వెతికాం. ఇటు నుంచి నేను, అటు నుంచి అతను, మాట లేకుండా. దొరికింది, సరిచేశాం.

తరవాతి బీమ్‌కు మళ్లీ ఒక కన్ను మిగిలింది. ఆ తరవాతి దానికీ మిగిలింది. అంబాదాస్ చేతిలో అంతకు ముందు ఏళ్లలో అలాంటి తప్పు నేను చూడలేదు. కావాలనే చేస్తున్నాడనుకున్నాను. నీకు కన్ను లేదని నాకు చెబుతున్నాడనుకున్నాను. కొక్కెం పట్టినవాడు చూసుకోవాలి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ నేను అప్పటికి ఆ వేళ్లను చూడడం మానేశాను. పోగు తగలగానే లాగేసేవాణ్ని, ముఖం పక్కకు తిప్పుకుని.

ఇంకో వింత కూడా మొదలైంది. మూడు మెల్లటి దెబ్బలు. గోరుతో, ఇనుము మీద కొట్టినట్టే. చాయ్‌కి పోదామా అన్న పాత సైగ. మొదటిసారి విన్నప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. పలకలేదు. కాసేపటికి మళ్లీ వినబడింది, మెల్లగా, అడుగుతున్నట్టు. రోజూ వినబడేది. మాట లేనివాడు చాయ్‌కి ఎందుకు పిలుస్తాడు? వెక్కిరింపు అనుకున్నాను. కొన్నాళ్లకు ఇంట్లో అన్నం తింటుంటే గిన్నె మీద గంటె తగిలినా ఆ మూడు దెబ్బలే వినబడేవి. తలుపు ఎవరు కొడుతున్నారని మా ఆవిడను అడిగాను. ఆమె గంటె తీసి పక్కన పెట్టింది.

ఆ వేళ్లు కూడా మారాయి. ఎప్పుడో ఒకసారి చూపు పడితే, అవి పోగును పట్టుకునే ముందు గాలిలో ఒక్క క్షణం ఆగేవి. వెతుకుతున్నట్టు. ఆ మనిషి వేళ్లు కావవి, వేరే ఎవరో ఆ చేతిని వేసుకుని వచ్చినట్టు అనిపించేది. అతను నా ఎదురుగా కూర్చున్నాడన్న నమ్మకం కోసం తల వంచి తెర కింద నుంచి అతని కాళ్లు చూసుకున్న రోజులున్నాయి. చెప్పులు అతనివే.

రుక్మవ్వ స్టాండుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. "మీ ఇద్దరి నడుమ ఇంకెవరో కూసున్నరు" అంది. "మాట లేని జాగల ఏదో ఒకటి వచ్చి కూసుంటది." నేను నవ్వలేదు. మిరపకాయలు విప్పమని కూడా అనలేదు.

మాస్తర్‌కు చేరింది. ఒక బీమ్‌లో తప్పు మేం పట్టుకోలేకపోయాం, గీతతోనే టవల్ నేశారు. ఆయన ఆ టవల్ తెచ్చి స్టాండు మీద వేశాడు.

"కొక్కెం ఏసేటోడు చూస్తలేడు, అందిచ్చేటోడు చూస్తలేడు" అన్నాడు. "ఇంకొక్కటి. ఇట్లాంటిది ఇంకొక్కటి వస్తే ఇద్దరు ఇంటికి."

నూలు వెనక నుంచి అంబాదాస్ గొంతు వినబడింది. "నాదే తప్పు మాస్తర్. ఆయనను ఏమనకుర్రి."

అది కూడా నన్ను పొడవడానికే అనుకున్నాను.

మబ్బు పట్టిన రోజు

తరవాతి బీమ్ ఎక్కించాం. పెద్ద ఆర్డర్ బీమ్. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. మా గదికి పైన అద్దాల కిటికీలు ఉండేవి. కరెంటు పోయినా ఆ వెలుతురులో పని చేసుకునేవాళ్లం, కూలి పోకుండా. ఆ రోజు కరెంటు పోయింది, మగ్గాలు ఆగాయి, అదే సమయానికి మబ్బు పూర్తిగా కమ్ముకుంది. గది నల్లగా అయింది. నా కొక్కెం నాకే కనబడలేదు. పక్క స్టాండు జోడీ చేతులు దించి, "ఇగ అయిపోయింది పో" అని లేచి బయటికి పోయారు. రుక్మవ్వ రాట్నం ఆపింది.

నేను చెయ్యి కదల్చలేదు. కొక్కెం కంట్లో అలాగే ఉంది.

పోగు వచ్చి కొక్కేనికి తగిలింది.

అలవాటుగా లాగాను. తరవాతి కన్ను తడిమి కొక్కెం దూర్చాను. మళ్లీ పోగు వచ్చింది. అదే వేగం. వెలుతురులో ఎలా వచ్చేదో అలాగే, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా. ఆ చీకట్లో, అంత నిశ్శబ్దంలో, తెర అవతల నుంచి పోగు తరవాత పోగు వస్తూనే ఉంది. నూలు వెనక ఉన్నది అంబాదాస్ కాదేమో అనుకున్నాను. రుక్మవ్వ అన్న మాట గుర్తొచ్చింది.

అప్పుడు మూడు మెల్లటి దెబ్బలు వినబడ్డాయి. మగ్గాల చప్పుడు లేదు కాబట్టి మొదటిసారి సరిగా విన్నాను. అది చాయ్ సైగ కాదు. బీమ్ దగ్గర పోగులను పైనా కిందా విడదీసే రెండు కర్రలుంటాయి. గోరు ఆ కర్ర ఎక్కడుందో వెతుకుతోంది. తగిలింది, జరిగింది, మళ్లీ తగిలింది.

వెలుతురు పోయిన సంగతి అతనికి తెలియదు.

నేను గోరుతో చట్రం మీద ఒకసారి కొట్టాను. ఆగు. వేళ్లు ఆగాయి.

తరవాత నూలు వెనక నుంచి, మెల్లగా, "ఎంత చీకటున్నది?" అన్నాడు.

"నిండుగ ఉన్నది" అన్నాను.

"పక్కోళ్లు?"

"లేచి పోయిన్రు."

"మాస్తర్ చూసిండా?"

"రాలే."

అతని ఊపిరి వినబడింది. "చెప్తరా?" అన్నాడు. అప్పుడు కూడా మీరే. చెప్తవా అనలేదు. చెప్తరా.

నేను జవాబు ఇవ్వకముందే మాస్తర్ టార్చి పట్టుకుని తలుపులోకి వచ్చాడు. వెలుతురు నూలు తెర మీద పడింది. అంత కాలం తరవాత ఆ సందుల్లోంచి అతని ముఖం చూశాను. చేతులు నాకు తెలిసినవే. ముఖం తెలియదు. ముసలిదైంది, గడ్డం సరిగా గీయలేదు, ఒక చెంప మీద తెల్ల వెంట్రుకలు మిగిలిపోయాయి. టార్చి నేరుగా కళ్లలో పడ్డా రెప్ప వాలలేదు. ఆ కళ్లు నా భుజం పక్కన గోడ వైపు చూస్తున్నాయి.

"అందరు లేస్తే మీరేం చేస్తున్నరు చీకట్ల?" అన్నాడు మాస్తర్.

"మా జోడీకి వెలుతురు అక్కర్లేదు మాస్తర్" అన్నాను. "రేపు వచ్చి లెక్క చూసుకోర్రి."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. మర్నాడు బీమ్ అయింది. ఖాళీ కన్ను మిగలలేదు. ఎందుకంటే రాత్రంతా ఆలోచించి నేను చేసిన పని ఒక్కటే. మళ్లీ ఆ వేళ్లను చూడడం మొదలుపెట్టాను. రెండు పోగులు అతుక్కుని వస్తే "రెండు" అనేవాణ్ని. అతను విడదీసి ఇచ్చేవాడు. ఇంకే మాటా లేదు.

నీలం నగర్‌లో

కానీ నేను రెండు అని చెప్పడం మందు కాదు, కప్పిపుచ్చడం. కప్పిపుచ్చితే ఇంకా పాడవుతుందని నాకు తెలుసు. అంబాదాస్‌ను ఆస్పత్రికి పొమ్మని చెబితే, "మీ ఉపకారం మాకెందుకు" అన్నాడు. అందుకని ఒక ఆదివారం నీలం నగర్‌లో అతని ఇంటికి పోయాను. తగాదా తరవాత ఆ గుమ్మం ఎక్కలేదు.

అతని భార్య బాలమణి గడపలో కూర్చుని చాటలో ఆకులు పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఆమె పిలుపు ఏమీ మార్చుకోలేదు. "రా అన్నా" అంది. "లోపల పండుకున్నడు. లేపాలెనా?"

"వద్దు."

"మీ అమ్మ బీడీలు చేసిందంటే కోపమొచ్చిందట గద" అంది చెయ్యి ఆపకుండా. "ఇగ చూడు, నేను బజాట్ల కూసొని చేస్తున్న. నాతోని మాట్లాడితే నీ సావుకారీ పోదు గద?"

"పోయేందుకు ఇంకేం మిగిలింది" అన్నాను.

ఆమె నవ్వింది. నేను కింద కూర్చున్నాను. చాటలో ఇంకో కత్తెర ఉంది. తడి ఆకు ఒకటి తీసుకున్నాను, కొలత రేకు ముక్క దాని మీద పెట్టాను, ఈనె పక్కకు వచ్చేలా తిప్పి కోశాను. యాభై ఏళ్ల తరవాత కోశాను. వేళ్లకు గుర్తుంది. బాలమణి చేతులు ఆపి చూసింది. ఇంకో ఆకు తీసుకున్నాను. తలుపు తెరిచే ఉంది. వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారు. సావుకార్ ఆకు కోస్తున్నాడని సాయంత్రానికి కారఖానా అంతా తెలుస్తుందని నాకు తెలుసు.

లోపల నుంచి అంబాదాస్ గొంతు వచ్చింది.

"ఎవరు కోస్తున్నరు?"

బాలమణి నా వైపు చూసింది. నేను కోస్తూనే ఉన్నాను. కత్తెర చప్పుడు ఒక్కటే.

"ఈ కోత మా ఇంటిది కాదు" అన్నాడు. "ఈనె దగ్గర ఆగి తిప్పుతున్నరు. పాత పద్ధతి." గోడ తడుముతున్న చప్పుడు వచ్చింది. "మీ అమ్మ నేర్పిందా?"

"మా అమ్మనే" అన్నాను.

అతను గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, నా పక్కన కాదు, కొంచెం దూరంగా కూర్చున్నాడు. చాట నిండేదాకా కోశాను. లేచేటప్పుడు, "రేపు పనికి సుట్టి పెడతా, సివిల్ ఆస్పత్రికి పోదాం" అన్నాను. వద్దనలేదు.

డాక్టరు నల్ల మోతీబిందు, అంటే నీటికాసులు అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు కళ్ల నొప్పికే. ఇంతకు ముందే ఎందుకు తీసుకురాలేదని అడిగాడు. పక్క నుంచి చూపు పోతూ వస్తుందట, పోగొట్టుకునేవాడికి కూడా చాలాకాలం తెలియదట. ఎదురుగా కూర్చునేవాళ్లు ముందు కనిపెడతారట. అంబాదాస్ నా వైపు తల తిప్పాడు, కొంచెం తప్పు దిక్కుకు.

చెప్పదలచుకున్నది

భరణి మెషిన్లు వచ్చి మా గది మూసేదాకా ఇద్దరం ఆ స్టాండు మీదనే చేశాం. మాస్తర్‌కు తెలుసో తెలియదో నేను చెప్పలేను. ఖాళీ కన్ను మిగలకపోతే మాస్తర్లు ప్రశ్నలు వేయరు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకు తెలుసనే అనిపిస్తుంది.

స్నేహం తిరిగి వచ్చిందా అని అడుగుతారు. రాలేదు. డబ్బాలు కలవలేదు. మీరు అన్న మాట నువ్వు కాలేదు. రావాలని నేను అడగలేదు. కొత్తవాళ్లకు నేను చెప్పేది రాజీ పడమని కాదు. కొన్ని తెగితే అతకవు, అతికినా గీత కనబడుతుంది. చెప్పేది ఇంతే. ఎవరితో చెడినా, వాళ్ల చేతులు చూడడం మానకండి. మాట లేకపోతే పని ఆగదు. చూడడం లేకపోతే, ఆ ఖాళీలో ఏం పెరుగుతోందో తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

అంబాదాస్ ఇప్పుడు కర్ర పట్టుకుని సాయంత్రాలు గుడి దాకా నడుస్తాడు. నేను ఎదురొస్తే, ఇంకా నోరు తెరవకముందే, "మీరేనా" అంటాడు. ఎలా తెలిసిందని ఒకసారి అడిగాను. "మీ ఊపిరి నాకు తెల్వదా" అన్నాడు. కర్ర కొనతో రాయి మీద మెల్లగా మూడుసార్లు కొట్టాడు. దారి వెతుక్కున్నాడో, ఇంకేమైనా అడిగాడో నాకు తెలియలేదు. ఆ పక్కనే చాయ్ బండి ఉంది. పోయి రెండు చాయ్‌లు తెచ్చాను. తాగాడు.

పోయిన ఏడాది జోడ్‌భావి పేట్‌లో మాకు మిగిలిన ముందు గది, దానితో పాటు అరుగు అమ్మేశాం. అరుగు నల్లరాళ్లను కొన్నవాళ్లు ఊడదీసి హోట్గి రోడ్డు వైపు ఒక బంగళాకు మెట్లుగా వేశారు.